ఒదుగు లెక్క

156 రూపాయల నూనె ప్యాకెట్టు 149 రూపాయల ప్యాకెట్టుకన్నా చవక. ఈ మాట మొదటిసారి అన్నప్పుడు మా వారు చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టి నా ముఖం వైపు చూశారు. ఏడు రూపాయలు ఎక్కువ పోసి కొన్నది చవక ఎలా అవుతుందని ఆయన అనుమానం. జవాబు ప్యాకెట్టు వెనక, అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మొదటిదాని మీద ‘1 లీటరు (910 గ్రా.)’ అని ఉంది. రెండోదాని మీద ‘850 గ్రా.’ అని మాత్రమే ఉంది. రెండూ ఒకే ఎత్తు, ఒకే లావు, రెండింటి మీదా ఒకే పొద్దుతిరుగుడు పువ్వు. చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు.

నూనె నీటికన్నా తేలిక. అందుకే లీటరు నూనె కిలో తూగదు, ఇంచుమించు 910 గ్రాములు తూగుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే నూనె అరల ముందు సగం పని అయిపోయినట్టే. 156ని 910 గ్రాములకు లెక్కగడితే కిలో 171 రూపాయలు పైచిలుకు. 149ని 850 గ్రాములకు లెక్కగడితే కిలో 175 దాటింది. కొట్లో నిలబడి భాగహారాలు చేయలేం కాబట్టి నేను వాడే సులువు ఇది: లీటరు ధరకు అందులో పదో వంతు కలిపితే కిలో ధర వస్తుంది. 156కు 15.60 కలిపితే 171.60. పైసల్లో కొంచెం అటూ ఇటూ అయినా మోసపోనంత దగ్గరగా వస్తుంది.

ఇలాంటి వింత సైజులు ఎక్కడినుంచి వచ్చాయని అడిగే వాళ్లుంటారు. నూనె, బియ్యం, పప్పు లాంటి సరుకులను ఏయే పరిమాణాల్లో ప్యాక్ చేయాలో చెప్పే పట్టిక ఒకటి తూనికలు కొలతల నిబంధనల్లో ఉండేది. 2021 నవంబరులో ప్రకటించిన సవరణలో ఆ పట్టికను తీసేశారు. దాని బదులు ప్యాకెట్టు మీద గ్రాముకెంత, కిలోకెంత అనే యూనిట్ ధర వేయాలన్నారు. వినడానికి బాగానే ఉంది. సైజు ఏదైనా యూనిట్ ధర చూసి పోల్చుకోవచ్చు కదా అనిపిస్తుంది.

కానీ ఆ ముద్ర చదవడంలో మూడు చిక్కులున్నాయి. కిలోకన్నా తక్కువ ఉన్న ప్యాకెట్టు మీద గ్రాముకు ధర వేస్తారు, ఎక్కువ ఉన్నదాని మీద కిలోకు వేస్తారు. లీటర్లకూ అంతే. కాబట్టి చిన్న ప్యాకెట్టునూ పెద్ద ప్యాకెట్టునూ పక్కపక్కన పెడితే అంకెలు ఒకే భాషలో మాట్లాడవు. రెండోది, గ్రాము ధరను రెండు దశాంశాలకు సరిచేస్తారు. నా 850 గ్రాముల ప్యాకెట్టు ఎమ్మార్పీ 175, గ్రాముకు 0.2059 వస్తుంది, ముద్రించింది మాత్రం 0.21. అదే 0.21 కిలో 205 రూపాయల నూనె మీదా ఉండవచ్చు, 214 రూపాయల నూనె మీదా ఉండవచ్చు. గ్రాముకు పైసా కూడా లేని తేడా గురించి మనకెందుకనుకుంటాం, అది కిలోకు వచ్చేసరికి తొమ్మిది రూపాయలు! మూడోది, ఆ ధర ఎమ్మార్పీ మీద కట్టినది. నూనెను ఎమ్మార్పీకి అమ్మే కొట్టు మా విజయవాడలో నాకింతవరకు కనబడలేదు. 175 ముద్రించిన ప్యాకెట్టు 149కి ఇచ్చారంటే ముద్రించిన యూనిట్ ధర ఎందుకూ పనికిరాదు. మళ్లీ మన పదో వంతు లెక్కే గతి.

‘1 లీటరు’ అన్న మాటలోనూ ఒకప్పుడు తిరకాసు ఉండేది. కొన్ని ప్యాకెట్ల మీద లీటరు పక్కన ‘60 డిగ్రీల వద్ద’ అని ఉండేది. వేడెక్కిన నూనె వ్యాకోచిస్తుంది కాబట్టి ఆ వేడిలో లీటరు కొలిస్తే తూకం తగ్గుతుంది. సోయా నూనె 21 డిగ్రీల దగ్గర లీటరుకు 919 గ్రాములుంటే 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే ఉంటుంది. ఎవరి వంటింట్లో 60 డిగ్రీలుంటుందండీ, మా బెజవాడ ఎండల్లో కూడా? 2022 ఆగస్టులో కేంద్రం ఇది గమనించి, ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా పరిమాణం వేయాలని, పక్కనే తూకం కూడా వేయాలని కంపెనీలకు చెప్పి 2023 జనవరి 15 దాకా గడువిచ్చింది. అందుకే ఇప్పుడు నేను లీటరు అంకె చూడను. పక్కనున్న గ్రాములే చూస్తాను.

ఇక డబ్బాల దగ్గరికి వద్దాం. ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే. పండగ ముందు మా వీధి కొట్లో రెండు రేకు డబ్బాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి 2,310, ఇంకొకటి 2,445. రెండింటినీ ‘పదిహేను డబ్బా’ అనే అంటారు. నేను తక్కువ ధరదాని మీద చెయ్యి వేశాను. కొట్టు యజమాని మంచివాడు, నవ్వి, “అమ్మా, అది పదిహేను లీటర్లది. ఇది పదిహేను కిలోలది” అన్నారు.

పదిహేను లీటర్లంటే 13 కిలోల 650 గ్రాములు. అంటే ఆ రెండు డబ్బాల మధ్య కిలో 350 గ్రాముల తేడా ఉంది, దాదాపు లీటరున్నర నూనె. కిలోల డబ్బాలో పదహారున్నర లీటర్లు పడుతుంది. ఆ లెక్కన 2,445 డబ్బాలో లీటరు 148 రూపాయలు, 2,310 డబ్బాలో 154. పైకి 135 రూపాయలు ఎక్కువ కనబడే డబ్బా లీటరుకు దాదాపు ఆరు రూపాయలు తక్కువ.

అయితే డబ్బా కొనడం లాభమా? మా నలుగురికి నెలకు మూడు లీటర్లు చాలు. పదహారున్నర లీటర్లు అయిదు నెలలకు పైగా వస్తుంది. అంతే నూనెను 156 లెక్కన ప్యాకెట్లుగా కొంటే 2,570 అవుతుంది, డబ్బాతో మిగిలేది 125 రూపాయలు. ఆ 125 కోసం మూత తీసిన డబ్బాను అయిదు నెలలు వంటింట్లో ఉంచితే గాలి తగిలి నూనె ముక్కవాసన పడుతుంది. ఒకసారి అలాగే జరిగింది, చివరి మూడు లీటర్లు దీపారాధనకు కూడా మనసొప్పలేదు. మూడు లీటర్లు పోతే 450 పోయినట్టు. అందుకే ఇప్పుడు మా పై వాటా వాళ్లు, మా ఆడపడుచు, మేము కలిసి ఒక డబ్బా కొని, తెచ్చిన రోజే తూచి మూడు వాటాలు వేసుకుంటాం. ఒక్కరమే కొనాల్సి వస్తే ప్యాకెట్లే మేలు.

అయిదు లీటర్ల ప్లాస్టిక్ క్యాను గురించి ఒక్క మాట. పెద్దది కాబట్టి చవకే అయి ఉంటుందని మనం చూడకుండానే బండిలో వేసుకుంటాం. నేను చూసిన రోజున అది 815, అంటే లీటరు 163. పక్కనే అదే కంపెనీ ప్యాకెట్టు 156. పిడి ఉన్న క్యానుకు మనం ముప్పై అయిదు రూపాయలు ఇస్తున్నామన్నమాట. ఊరగాయల కాలంలో క్యాను పనికొస్తుందని అత్తయ్య అంటారు, ఆ మాట నిజమే.

నూనెలో రకం సంగతి. తూకం లెక్కలన్నీ ఒకే రకం నూనెల మధ్యనే చెల్లుతాయి. ప్యాకెట్టు మీద వేరుశనగ బొమ్మ పెద్దగా ఉండి ధర మాత్రం పొద్దుతిరుగుడు నూనెకు దగ్గరగా ఉంటే వెనక్కి తిప్పి చూడాలి. రెండు నూనెలు కలిపినదైతే ఏది ఎంత శాతమో రాయడం తప్పనిసరి. అందులో ఏ నూనె అయినా కనీసం 20 శాతం ఉండాలన్నది నియమం, కాబట్టి బొమ్మలో కనిపించే గింజల వాటా ఆ 20 శాతమే కావచ్చు. తప్పేమీ లేదు, తవుడు నూనె 80 శాతం కలిపితే వంటకు బాగానే ఉంటుంది. వేరుశనగ నూనె ధర ఇవ్వనవసరం లేదు, అంతే.

గానుగ నూనె విషయంలో నేను గింజల వైపునుంచి లెక్క వేస్తాను. లీటరు వేరుశనగ నూనె రావాలంటే గానుగలో రెండున్నర కిలోల పప్పు వేయాలి. కిలో పప్పు 125 అనుకుంటే 312 రూపాయలు. మిగిలే కిలోన్నర చెక్కను కిలో 45కు అమ్ముకున్నా 67 తిరిగి వస్తాయి. అంటే గానుగ అద్దె, కూలి, సీసా, లాభం ఇవేవీ కలపకముందే లీటరు 245 పడుతోంది. ఇలాంటప్పుడు రోడ్డు పక్కన ‘అచ్చమైన గానుగ వేరుశనగ నూనె, లీటరు 190’ అని బోర్డు కనబడితే రుచి చూడాల్సిన పని కూడా లేదు.

బియ్యం లెక్క ఇంతకన్నా లోతైనది. ఎందుకంటే నూనె కొన్నంతే వాడతాం, బియ్యం కొన్నంత తినం. ఉడికాక ఎంతయిందో అది తింటాం. మా అత్తయ్య దీన్ని ఒదుగు అంటారు. “ధర అడగకు, ఒదుగు అడుగు” అనేది ఆవిడ సూత్రం. పాత బియ్యం నీళ్లు బాగా పీల్చి, విడివిడిగా పొడుగ్గా ఉడుకుతాయి. కొత్తవి తక్కువ నీళ్లకే మెత్తబడి ముద్దవుతాయి. కాబట్టి పాత బియ్యం ధర ఎక్కువైనా చివరికి చవకేనని ఆవిడ వాదన. నేను నమ్మలేదు. మా అమ్మాయి కేకుల కోసం కొన్న చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఇంట్లో ఉంది. పందెం వేసుకున్నాం.

రెండు బస్తాలూ ఒకే మిల్లువి, ఒకే రకం, బీపీటీ 5204. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి ఇదే, సంచి మీద మాత్రం చాలాసార్లు ‘సోనా మసూరి’ అనే రాసి ఉంటుంది. కొత్త పంటది 26 కిలోలు 1,300, అంటే కిలో 50. ఏడాది పాతది 26 కిలోలు 1,560, కిలో 60. ఒక్కోదాంట్లోంచి 250 గ్రాములు తూచి వండాం. కొత్త బియ్యానికి గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు, పాతవాటికి రెండున్నర పోశాం. కొత్త బియ్యం 630 గ్రాముల అన్నం అయింది. పాతది 750.

ఇప్పుడు భాగించండి. కొత్త బియ్యంతో కిలో అన్నం 19 రూపాయల 84 పైసలు. పాత బియ్యంతో 20 రూపాయలు. కిలోకు పది రూపాయల తేడా కుండలోకి వెళ్లి పదహారు పైసలైంది. అత్తయ్య నా వైపు చూడకుండా పోపు గరిటె కడుగుతూ నవ్వారు.

అయినా నేను ఊరుకోలేదు. పెరిగింది నీళ్లే కదా, నీళ్లతో కడుపు నిండుతుందా అన్నాను. దానికి జవాబు కాటా చెప్పదు, బస్తా ఎన్నాళ్లు వచ్చిందో చూడాలి. రెండు నెలలు క్యాలెండరు మీద రాసుకున్నాం. కొత్త బస్తా 26 రోజులు వచ్చింది, పాతది 30 రోజులు. అన్నం 19 శాతం ఒదిగినా బస్తా అంత ఎక్కువ కాలం రాలేదు, 15 శాతమే ఎక్కువ వచ్చింది. నీళ్లు కడుపును కొంతవరకే మభ్యపెడతాయన్నమాట. రోజుకు కొత్తవి 50 రూపాయలు, పాతవి 52. అంటే నెలకు 60 రూపాయలు ఎక్కువ ఇచ్చి పొడిపొడి అన్నం తింటున్నాం. రాత్రి మిగిలింది పొద్దున పులిహోరకు పనికొస్తుంది కాబట్టి ఆ అరవై నాకు బాధ లేదు. కానీ ‘పాత బియ్యమే చవక’ అన్న మాట మాత్రం నిజం కాదు, ‘పాత బియ్యం దాదాపు అదే ధర’ అన్నది నిజం. పందెం సమం.

పాతవి అని చెప్పి ఇచ్చేవి నిజంగా పాతవేనా అన్నది వేరే తలనొప్పి. కొత్త వడ్లకు ఆవిరి పట్టి మర ఆడిస్తే ఆ బియ్యం కూడా పొడిపొడిగానే ఉడుకుతాయి. వాటిని ‘స్టీమ్’ బియ్యం అంటారు, ఆ పేరుతో అమ్మితే పేచీ లేదు. పాతవి అని అమ్మితేనే పేచీ. ఆవిరి పట్టినవి కాస్త పసుపు ఛాయలో, గాజులాగా మెరుస్తూ ఉంటాయి, గింజ లోపలి తెల్లటి మచ్చ దాదాపు కనబడదు. పచ్చి బియ్యంలో కొత్తవైతే గింజ పంటి కింద మెత్తగా నలిగి అంటుకుంటుంది, పాతవైతే టక్కున విరుగుతుంది. కొట్టు ముందు నిలబడి బియ్యం నమలడానికి సిగ్గుపడకూడదు, మా అత్తయ్య అసలు పడరు.

గ్రేడు అంటే పాతదనం ఒక్కటే కాదు, నూక కూడా. ప్రభుత్వ సేకరణ బియ్యంలో నూక 25 శాతం దాకా ఉండవచ్చని పరిమితి ఉండేది, మంచి రకమని అమ్మేవాటిలో అంత ఉంటే ఎవరూ కొనరు. ఒకరోజు కిలో 44కే బియ్యం ఉన్నాయన్నారు. 200 గ్రాములు తెచ్చి నూకల జల్లెడ పట్టి తూచాను. 38 గ్రాముల నూక, అంటే 19 శాతం. 50 రూపాయలవాటిలో 6 శాతమే ఉంది. నూక పక్కన పెట్టేసి గింజకు మాత్రమే ధర కడితే 44 రూపాయల బియ్యం కిలో 54 పైన, 50 రూపాయల బియ్యం 53. చవకది ఖరీదైంది. అయితే నూకను ఉప్మాకో, ఉండ్రాళ్లకో వాడే ఇల్లయితే దానికీ ఒక ధర ఉంది. కిలో నూక 30 రూపాయలని లెక్కగడితే 44వి గింజ కిలో 47 పడుతుంది, 50వి 51 పడుతుంది. ఇప్పుడు చవకది చవకే. ఒకే బస్తా ఒక ఇంటికి నష్టం, పక్కింటికి లాభం. జల్లెడ పట్టే ఓపిక మీకుందా లేదా అన్నదే తేల్చాలి. నూకతో కలిపి వండితే మాత్రం నూక ముందు ఉడికి గంజిలా అయి గింజకు అంటుకుంటుంది, దాని గురించి లెక్కలు కూడా అక్కర్లేదు.

బస్తా 26 కిలోలు ఎందుకో చాలామంది ఆలోచించి ఉండరు. 2022 జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది, కానీ 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్లకే. దాంతో మిల్లులు ఒక కిలో కలిపి గీత దాటేశాయి. నూనెలో పెద్ద క్యాను చవక కాదన్నాను కదా, బియ్యంలో పెద్ద బస్తా నిజంగానే చవక, కారణం ఈ కిలో. 60 రూపాయల బియ్యం మీద పన్ను మూడు రూపాయలు, పైన చిన్న సంచి ఖర్చు. పది కిలోల ప్యాకెట్టులో అదే రకం నాకు కిలో 67కు కనబడింది. ఇంట్లో ఇద్దరే ఉన్నవాళ్లు కూడా తడి తగలని చోటుంటే బస్తాయే కొనవచ్చు, నూనెలాగా బియ్యం మూత తీయగానే పాడవవు. ఫోనులో ధర అడిగితే మాత్రం ‘బస్తా ఎంత’ అనకుండా ‘బస్తా ఎన్ని కిలోలు’ అని ముందు అడగండి. 25 కిలోలు 1,500 అంటే 60, 26 కిలోలు 1,540 అంటే 59 పైచిలుకు.

అసలు లాభం ఇంకొకటి ఉంది, దాన్ని అమ్మేవాళ్లు చెప్పరు. పాతదనాన్ని మనమే ఇంట్లో తయారు చేసుకోవచ్చు. సంక్రాంతి దాటాక కొత్త బియ్యం 1,300కు కొని, శ్రావణం దాకా తీయకుండా ఉంచితే అవే పాత బియ్యం. పోయినేడు నాలుగు బస్తాలు అలా ఉంచాం. చెక్క బల్ల మీద, గోడకు ఆనకుండా పెట్టి, మధ్య మధ్య ఎండుమిరపకాయలు, ఎండిన వేపాకు వేశాం. ఎనిమిది నెలల తరువాత ఒక బస్తా తూస్తే 25 కిలోల 500 గ్రాములుంది. ఎవరూ దొంగిలించలేదు, బియ్యంలో తేమ ఆరిందంతే. తేమ 14 శాతం నుంచి 12కు దిగితే బస్తాకు దాదాపు అంతే తగ్గాలి. ఆ అరకిలో 25 రూపాయలు తీసేసినా, అప్పుడు బజారులో పాత బస్తా 1,560 ఉంది కాబట్టి ఒక్కోదానికి 235 మిగిలింది. ఎనిమిది నెలల్లో 1,300 మీద 235! బ్యాంకు డిపాజిట్టు ఇంత ఇవ్వదు. పురుగు పడితే అసలుకే మోసం కాబట్టి వానాకాలం ముందు ఒకసారి సంచి విప్పి చేట మీద పోసి చూసుకోవాలి. నాలుగింటిలో ఒకదానికి కాస్త ముక్కపురుగు వచ్చింది, నీడన ఆరబోసి చెరిగితే సరిపోయింది.

పప్పుల విషయంలో నా అభిప్రాయం వీటికి పూర్తిగా ఎదురు. ఇక్కడ పెద్ద ప్యాకెట్టూ వద్దు, పై గ్రేడూ చాలాసార్లు వద్దు.

కందిపప్పు మూడు రకాలు తెచ్చాను. పేరున్న ప్యాకెట్టు కిలో 142, కొట్లో విడిగా తూచే మొదటి రకం 126, రెండో రకం 112. ఒక్కోటి అరకిలో తెల్ల గుడ్డ మీద పోసి ఏరాను. పొట్టు, రాయి, పుచ్చు గింజ, నల్లబడినవి పక్కన పెట్టి తూచితే ప్యాకెట్టులో 2 గ్రాములు, మొదటి రకంలో 9, రెండో రకంలో 31. ఆ తరుగు తీసేస్తే తినే పప్పు ధర వరసగా 142 పైచిలుకు, 128, 119. చూశారా, రెండో రకంలో ఆరు శాతం చెత్త ఉన్నా ధర ఇంకా అన్నింటికన్నా తక్కువే.

ముక్కలను తరుగులో కలపలేదని గమనించే ఉంటారు. బియ్యంలో నూక లోపం, కందిపప్పులో ముక్క లోపం కాదు. ఉడికాక ఎనిపేదే కదా, గింజ నిండుగా ఉందా ముక్కగా ఉందా అని సాంబారుకు తెలియదు. పై గ్రేడుకు మనమిచ్చే డబ్బులో పెద్ద భాగం ఆ నిండుదనానికీ, మెరుపుకూ వెళుతుంది. మెరుపు నీటితోనో నూనెతోనో పాలిష్ పట్టి తెచ్చినది. చిత్రమేమిటంటే ఇప్పుడు ‘పాలిష్ పట్టనిది’ అని రాసి ఇంకో పదిహేను ఎక్కువ తీసుకుంటున్నారు. చేయని పనికి కూలి అన్నమాట.

అలాగని నేను 112 రకం కొనడం లేదు. కారణం తరుగు కాదు, ఉడుకు. రెండు మూడు చోట్ల సరుకు కలిపినప్పుడు, పాత నిల్వ కొత్తదానిలో కలిసినప్పుడు, కొన్ని గింజలు వెన్నలా అయిపోతే కొన్ని పలుకుగా మిగులుతాయి. కొనేముందు గుప్పెడు తెచ్చి అరగంట నానబెట్టి గోటితో నొక్కి చూస్తాను. అన్నీ ఒకేలా నలిగితే ఒకే సరుకు. ఇరవై గింజల్లో నాలుగైదు గట్టిగా ఎదురు తిరిగితే కలగలుపు. ఆ రోజు 112 రకంలో ఆరు ఎదురు తిరిగాయి. 126 రకంలో ఒక్కటి. తొమ్మిది రూపాయల తేడాకు కుక్కరు ఇంకో నాలుగు కూతలు కూయించి, అయినా పలుకులు తినడం నాకు నచ్చలేదు. మధ్య రకమే మా ఇంటి పప్పు. విడిగా తూచి ఇచ్చేదాని మీద పన్ను లేదు కాబట్టి ప్యాకెట్టుతో తేడా కొంత అక్కడినుంచే వస్తుంది. తాండూరు కందిపప్పు దొరికితే ఎక్కువైనా తెస్తాను, అది లెక్క కాదు, నా బలహీనత.

మినప్పప్పుకు మాత్రం మళ్లీ ఒదుగు సూత్రమే. గుళ్లు బద్దలకన్నా కిలోకు పాతిక రూపాయలు ఎక్కువ. కానీ మా రుబ్బురోలులో గుళ్ల పిండి బాగా పొంగి గ్లాసుకు మూడు గ్లాసుల ఇడ్లీ రవ్వ తీసుకుంటుంది, బద్దలు రెండున్నర దగ్గర ఆగిపోతాయి. రవ్వ చవక, పప్పు ఖరీదు కాబట్టి గుళ్లే గిట్టుబాటు. దోసెలకైతే ఏవైనా ఒకటే.

పప్పులు నెలకు సరిపడానే కొంటాను. అయిదు కిలోల ప్యాకెట్టు మీద కిలోకు నాలుగు రూపాయలు తగ్గుతుందని రెండేళ్ల కిందట జూన్‌లో పెసరపప్పు తెచ్చాను. ఆగస్టులో డబ్బా మూత తీస్తే అడుగున పిండి, పైన పురుగులు. ఇరవై మిగిల్చి కిలోన్నర పారబోశాను.

మొన్న ఉగాదికి కొట్టుకు వెళ్లాను. నేనేమీ అడగకముందే యజమాని డబ్బా ముందుకు జరిపి, “కిలోలదే అమ్మా, మీ కాటా మీద పెట్టుకోండి” అన్నారు. వెనక అత్తయ్య అప్పటికే బియ్యం బస్తాలో చెయ్యి పెట్టి, రెండు గింజలు నోట్లో వేసుకుని, తల అడ్డంగా ఊపుతున్నారు.